సోబెల్ చాలా, క్యానీ కావాలా: అంచులు పట్టే పద్ధతుల్లో ఎంపిక

ఫోన్‌తో తీసిన ఫొటోలో టేబుల్ మీద ఒక తెల్ల కాగితం ఉంది. దాని నాలుగు అంచులు పట్టుకుని, వంకరగా ఉన్న పేజీని నిటారుగా చేయాలి. స్కానర్ యాప్‌లన్నీ మొదట చేసేది ఇదే. ఇక్కడే చాలామంది ఆగిపోతారు: రాబర్ట్స్, ప్రెవిట్, సోబెల్, షార్ అనే గ్రేడియంట్ పద్ధతులున్నాయి, అంటే ఒక్కో పిక్సెల్ దగ్గర వెలుగు ఎంత వేగంగా మారుతుందో కొలిచేవి, పక్కన క్యానీ ఉంది. ఏది వాడాలి?

ఈ ప్రశ్నలోనే చిన్న పొరపాటుంది. క్యానీ సోబెల్‌కు పోటీ కాదు. క్యానీ లోపల ఉన్నది కూడా గ్రేడియంటే, ఓపెన్‌సీవీ లైబ్రరీలో అయితే అచ్చంగా సోబెలే. జాన్ క్యానీ 1986 వ్యాసంలో అడిగినవి మూడు: అసలు అంచు తప్పిపోకూడదు, పట్టిన అంచు సరైన చోట ఉండాలి, ఒక అంచుకు ఒకే గీత రావాలి. ఇందుకోసం గ్రేడియంట్‌కు ముందు నాయిస్ తగ్గించే గాసియన్ బ్లర్, తర్వాత గీతను సన్నబరిచే నాన్-మాక్సిమమ్ సప్రెషన్, చివర బలహీన అంచులను గట్టివాటితో కలిపి చూసే రెండు థ్రెషోల్డ్‌ల హిస్టెరిసిస్ వచ్చి చేరాయి. కాబట్టి అసలు ప్రశ్న ఇలా ఉండాలి: ఈ మూడింటిలో మీ పనికి ఏవి కావాలి?

## ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, మీకు అంచు గీతగా కావాలా, అంకెగా కావాలా? కాగితం హద్దు కావాలంటే గీత కావాలి. ఫొటో ఎంత ఫోకస్‌లో ఉందో కొలవాలంటే ప్రతి పిక్సెల్ దగ్గర గ్రేడియంట్ ఎంతుందో ఆ అంకె కావాలి. రెండో పనికి క్యానీ వాడితే ఉన్న సమాచారాన్ని పారేసి 0, 255 మాత్రమే మిగుల్చుకున్నట్టు.

రెండోది, ఒకే అంచు పొడవునా కాంట్రాస్ట్ ఒకేలా ఉందా? వెలుతురు సమానంగా పడే ఫ్యాక్టరీ కెమెరా కింద ఉంటుంది. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద, చేతి నీడ పడుతూ తీసిన ఫొటోలో ఉండదు. హిస్టెరిసిస్ అవసరం దాదాపు పూర్తిగా ఈ ప్రశ్న మీదే ఆధారపడుతుంది.

మూడోది నాయిస్ ఎంత. నాలుగోది, గీత ఒక్క పిక్సెల్ మందంలోనే ఉండాలా అన్నది.

## నాలుగు గ్రేడియంట్లు, ఒకే కొలబద్ద

రెండు వైపుల మధ్య గ్రే స్థాయి తేడా h అనుకుందాం. నిలువుగా, పదునుగా ఉన్న అంచు మీద ఒక్కో పద్ధతి ఎంత అంకె ఇస్తుందో, నాయిస్‌ను ఎంత పెంచుతుందో లెక్క వేస్తే ఇలా వస్తుంది. నాయిస్ కాలమ్‌లో ఉన్నది పిక్సెల్ నాయిస్ ప్రామాణిక విచలనానికి గుణకం, ఒక దిశలోని గ్రేడియంట్‌కు. చివరి వరుసలోని 1.4 బ్లర్ వెడల్పు, అంటే సిగ్మా.

| పద్ధతి | కెర్నల్ | అంచు మీద అంకె | నాయిస్ గుణకం | రెండింటి నిష్పత్తి |
|---|---|---|---|---|
| రాబర్ట్స్ | 2×2 | 1.41h | 1.41 | 1.0 |
| ప్రెవిట్ | 3×3 | 3h | 2.45 | 1.22 |
| సోబెల్ | 3×3 | 4h | 3.46 | 1.15 |
| షార్ | 3×3 | 16h | 15.4 | 1.04 |
| గాసియన్ 1.4 + సోబెల్ | – | దాదాపు 2h | 0.68 | 2.9 |

పై నాలుగు వరుసల మధ్య తేడా చూడండి, 1.0 నుంచి 1.22 వరకే. ప్రెవిట్ మూడు వరుసలకూ సమాన బరువు ఇస్తుంది కనుక నాయిస్ దగ్గర కాస్త మెరుగు. షార్ మధ్య వరుసకు 10, పక్కవాటికి 3 ఇస్తుంది. అది నాయిస్ కోసం చేసింది కాదు, గ్రేడియంట్ కోణం మరింత కచ్చితంగా రావడానికి చేసింది. కోణం మీదే మీ పని ఆధారపడితే షార్ తీసుకోండి. రాబర్ట్స్‌ను ఇవాళ ఎంచుకోవడానికి లెక్క మరీ తక్కువగా ఉండాలన్న నిర్బంధం తప్ప మంచి కారణం కనిపించదు. మిగతా సందర్భాల్లో సోబెల్ తీసుకుని ముందుకెళ్లండి, ఇక్కడ ఎక్కువసేపు తర్జనభర్జన పడనక్కర్లేదు.

అసలు గెంతు చివరి వరుసలో ఉంది. బ్లర్ చేస్తే అంచు అంకె సగమైంది, నాయిస్ మాత్రం ఐదో వంతుకు పడిపోయింది. ఇది క్యానీ సొత్తేమీ కాదు. మామూలు సోబెల్‌కు ముందు కూడా ఒక్క లైనులో బ్లర్ పెట్టుకోవచ్చు. "సోబెల్ అంతా చుక్కలు చుక్కలు, క్యానీ శుభ్రంగా ఉంది" అంటూ పక్కపక్కన చూపించే బొమ్మల్లో చాలాసార్లు సోబెల్‌కు బ్లర్ ఉండదు. అది న్యాయమైన పోలిక కాదు.

ఇందులో తిరకాసు ఒకటుంది. ఓపెన్‌సీవీలోని `cv2.Canny` బ్లర్ చేయదు. అది మీరే ముందుగా చేయాలి. సైకిట్-ఇమేజ్‌లోని `feature.canny` మాత్రం తనే చేస్తుంది, `sigma` విలువ ఇవ్వకపోతే 1.0తో. ఒకదాంట్లో కుదిరిన కోడ్‌ను రెండోదానికి మార్చినప్పుడు ఫలితం చెడిపోవడానికి మొదట వెతకాల్సిన కారణం ఇదే.

## కాగితం మీద లెక్క: ఒక్క థ్రెషోల్డ్ ఎక్కడ ఓడిపోతుంది

మన ఫొటో 640×480 అనుకుందాం, అంటే 3,07,200 పిక్సెళ్లు. నాయిస్ విచలనం 10, అంటే సాయంత్రం గదిలో తీసినంత. కాగితం కుడి అంచు పైసగంలో కాగితానికీ టేబుల్‌కూ తేడా 60. కిందిసగం మీద నీడ పడింది, అక్కడ తేడా 25 మాత్రమే.

బ్లర్ లేని సోబెల్‌తో పైసగం 240, కిందిసగం 100 ఇస్తాయి. నాయిస్ ఒక్కో దిశలో దాదాపు 35. థ్రెషోల్డ్ 100 పెడితే, ఏ అంచూ లేని సాదా ప్రదేశంలో కూడా నూటికి ఒకటిన్నర పిక్సెళ్లు దాటేస్తాయి. మొత్తం బొమ్మలో నాలుగున్నర వేలకు పైగా దొంగ చుక్కలన్నమాట. 150కి పెంచితే చుక్కలు పాతిక ముప్పైకి తగ్గుతాయి కానీ, నీడలోని అంచు చాలావరకు మాయమవుతుంది.

ఇప్పుడు సిగ్మా 1.4తో బ్లర్ చేద్దాం. పైసగం దాదాపు 120, కిందిసగం 50, నాయిస్ దాదాపు 7. నాయిస్ ఒక్కటే శత్రువైతే 30 దగ్గర ఒక్క థ్రెషోల్డ్ పెట్టి ముగించేయవచ్చు. బొమ్మ మొత్తంలో దొంగ చుక్కలు పది ఇరవైకి మించవు. కాంట్రాస్ట్ కాస్త బాగున్న చోట బ్లర్, సోబెల్, ఒక్క థ్రెషోల్డ్ చాలంటే కారణం ఇదే.

టేబుల్ చెక్కది కావడంతో కథ మారుతుంది. చెక్క చారల తేడా 20 వరకు ఉంటే వాటి అంకె 40. నీడలోని అసలు అంచు 50. మధ్యలో 45 దగ్గర గీత గీస్తే, 7 విచలనం వల్ల అసలు అంచులో దాదాపు పావు వంతు పిక్సెళ్లు కిందికి జారి అంచు ముక్కలవుతుంది. అటు చెక్క చారల్లో దాదాపు పావు వంతు పైకి ఎగబాకుతాయి. ఒక్క అంకెతో ఈ రెండింటినీ విడదీయలేం. పిక్సెల్ విలువను మాత్రమే చూస్తే అవి నిజంగానే ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. అంచును చారల నుంచి వేరుచేసేది దాని విలువ కాదు, అది దేనితో కలిసి ఉందన్న సంగతి.

## హిస్టెరిసిస్

హై 90, లో 30 పెడదాం. 90 దాటినవి గట్టి పిక్సెళ్లు. అవి నేరుగా అంచులే. 30కీ 90కీ మధ్యవి బలహీనమైనవి. గట్టి పిక్సెల్‌తో నేరుగా గానీ, బలహీన పిక్సెళ్ల గొలుసు ద్వారా గానీ కలిసి ఉంటేనే నిలుస్తాయి. కలిపి చూసేటప్పుడు ఎనిమిది వైపులా చూడాలి. 30 లోపువి పోతాయి. కాగితం పైసగం 120తో గట్టిదైంది, నీడలోని 50 దానికి కొనసాగింపు కనుక బతికింది. చెక్క చార 40 బలహీనమే, ఏ గట్టి పిక్సెల్‌నూ అంటుకుని లేదు కనుక పోయింది.

హిస్టెరిసిస్ అన్న పేరు ఫ్రిజ్ థర్మోస్టాట్ లాంటి వాటి దగ్గర విన్నదే. అక్కడ ఆన్ అయ్యే ఉష్ణోగ్రత వేరు, ఆఫ్ అయ్యేది వేరు. ఇక్కడ ఆ ఆట కాలంలో కాకుండా అంచు పొడవునా సాగుతుంది.

హైకీ లోకీ నిష్పత్తి రెండు లేదా మూడు ఉండాలని క్యానీ సూచించాడు. మొదలుపెట్టడానికి అది మంచిదే, కానీ అంకెలు మీ బొమ్మ నుంచి రావాలి. వరుస ఇలా పెట్టుకోండి. బ్లర్ అయ్యాక అంచులేవీ లేని ఒక చదునైన ముక్క ఎంచుకుని, అక్కడి గ్రేడియంట్ పరిమాణంలో 99.9 పర్సెంటైల్ చూడండి. మన ఉదాహరణలో అది 25 దగ్గర వస్తుంది. లో దానికి కాస్త పైన, అంటే 30. తర్వాత లో, హై రెండూ సమానంగా పెట్టి, అక్కర్లేని ఆకృతులు పూర్తిగా పోయేదాకా రెండింటినీ కలిపి పెంచండి. అది మీ హై. ఇప్పుడు లో ఒక్కదాన్నే 30 వైపు దించుతూ రండి. అంచులోని ఖాళీలు మూసుకుంటాయి. గీతల పక్కన సన్నటి వెంట్రుకల్లాంటి కొమ్మలు మొలవడం మొదలైన చోట ఆగి, ఒక మెట్టు వెనక్కి రండి.

నాయిస్‌ను పై పట్టికలోని గుణకాలతో కాకుండా ఇలా నేరుగా కొలవమనడానికి కారణముంది. ఫోన్ కెమెరా సొంతంగా నాయిస్ తగ్గిస్తుంది, జేపీఈజీ తన వంతు మార్పులు చేస్తుంది. పక్క పిక్సెళ్ల నాయిస్ ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉంటుందన్న పట్టిక ఊహ అక్కడ నిలవదు.

థ్రెషోల్డ్‌ల కోసం బాగా ప్రచారంలో ఉన్న చిట్కా ఒకటుంది: బొమ్మ గ్రే స్థాయిల మీడియన్ తీసుకుని దానికి 0.67, 1.33 రెట్లు పెట్టడం. నా మాట వింటే వదిలేయండి. మీడియన్ చెప్పేది బొమ్మ ఎంత వెలుగుగా ఉందో. థ్రెషోల్డ్‌కు కావాల్సింది పక్క పిక్సెళ్ల మధ్య తేడా. కాగితం ఫ్రేమ్‌ను ఎక్కువ నింపితే మీడియన్ 200 అవుతుంది, హై 266 అవుతుంది, మన 120 అంచు మొత్తం పోతుంది. మ్యాట్‌ల్యాబ్ దారి ఇంతకంటే నయం: పిక్సెళ్లలో 70 శాతం అంచు కానివని అనుకుని, గ్రేడియంట్ హిస్టోగ్రామ్ నుంచి హై తీస్తుంది, లోను దానికి 0.4 రెట్లు పెడుతుంది. కనీసం అది గ్రేడియంట్‌నే చూస్తుంది.

## నాన్-మాక్సిమమ్ సప్రెషన్: మందం సంగతి

బ్లర్ తర్వాత కాగితం పైసగం అంచును అడ్డంగా దాటుతూ వెళితే గ్రేడియంట్ దాదాపు ఇలా ఉంటుంది:

```
 9   33   78   119   119   78   33   9
```

థ్రెషోల్డ్ 30 పెడితే ఇక్కడ ఆరు పిక్సెళ్ల మందం పట్టీ వస్తుంది. నీడలోని భాగంలో ఇదే వరుస 4, 14, 33, 50, 50, 33, 14, 4. అక్కడ పట్టీ నాలుగు పిక్సెళ్లే. అంటే ఒకే అంచు, కాంట్రాస్ట్‌ను బట్టి ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా. ఈ పట్టీ మీద హఫ్ పద్ధతితో గీత వెతికితే ఒక్క అంచుకు బదులు పక్కపక్కనే నాలుగైదు గీతలు దొరుకుతాయి.

సప్రెషన్ చేసేది సూటిగా చెప్పవచ్చు: ప్రతి పిక్సెల్‌ను గ్రేడియంట్ దిశలో అటూ ఇటూ ఉన్న పొరుగువాటితో పోల్చి, రెండింటికంటే పెద్దది కాకపోతే సున్నా చేయడం. సొంతంగా రాసేవాళ్లు తడబడేది మూడు చోట్ల.

పై వరుసలో నడుమ రెండు 119లు సమానం. రెండు వైపులా కచ్చితంగా పెద్దదై ఉండాలంటే రెండూ పోతాయి, ఆ చోట అంచే మిగలదు. రెండు వైపులా సమానమైనా పర్లేదంటే రెండూ మిగిలి గీత రెండు పిక్సెళ్ల మందం అవుతుంది. ఒకవైపు `>`, రెండోవైపు `>=` పెట్టాలి.

రెండోది దిశ. గ్రేడియంట్ అంచుకు అడ్డంగా ఉంటుంది, పొడవునా కాదు. పొడవునా పోలిస్తే గీత సన్నబడదు, పైగా అక్కడక్కడా తెగుతుంది.

మూడోది మరింత జిత్తులమారిది. బొమ్మలో y కిందికి పెరుగుతుంది, లెక్కల పుస్తకంలో పైకి. ఆ గుర్తు తప్పితే 45, 135 డిగ్రీల పొరుగులు తారుమారవుతాయి. అడ్డం, నిలువు గీతలు చక్కగా సన్నబడి, ఏటవాలు గీతలు మాత్రమే లావుగానో చిరుగులుగానో ఉంటే కారణం ఇదే అనుకోవచ్చు. పరీక్షకు ఒక వృత్తం బొమ్మ గీసి నడపండి, ఒక్క చూపులో తేలిపోతుంది.

సప్రెషన్‌కు సొంత బలహీనత కూడా ఉంది. మూడు అంచులు కలిసే చోట గ్రేడియంట్ దిశ ఏదో ఒకవైపు మొగ్గుతుంది, అందుకే T ఆకారపు కలయికల దగ్గర చిన్న ఖాళీ మిగలడం మామూలే. ఇది హిస్టెరిసిస్‌ను కూడా దెబ్బతీయగలదు. కాగితం ఒక పక్క మొత్తం నీడలో ఉండి అంకె ఎక్కడా 50 దాటలేదనుకోండి. ఆ పక్కకు గట్టి పిక్సెల్ దొరికేది మూలల దగ్గర మాత్రమే. అక్కడ ఒక్క ఖాళీ వస్తే, పక్క మొత్తం ఒకేసారి మాయమవుతుంది. ఒక ఫ్రేమ్‌లో నాలుగు పక్కలు, తర్వాతి ఫ్రేమ్‌లో మూడు కనిపించి మిణుకుమంటుంటే ఇక్కడ వెతకండి. అప్పుడు హై తగ్గించాలి, లేదా సిగ్మా పెంచి చెక్క చారలను ముందే అణచాలి.

## ఓపెన్‌సీవీలో ఇది ఇలా

```python
b  = cv2.GaussianBlur(img, (0, 0), 1.4)
gx = cv2.Sobel(b, cv2.CV_16S, 1, 0)
gy = cv2.Sobel(b, cv2.CV_16S, 0, 1)
edges = cv2.Canny(gx, gy, 30, 90, L2gradient=True)
```

`img` గ్రే బొమ్మ. ఇలా గ్రేడియంట్లను బయట లెక్కించి ఇస్తే రెండు లాభాలు. అంకెలూ మీ చేతిలో ఉంటాయి, గీతలూ ఉంటాయి. సోబెల్ బదులు షార్ పెట్టుకోవచ్చు కూడా. అప్పుడు థ్రెషోల్డ్‌లు నాలుగు రెట్లు చేయాలి, 120, 360.

`CV_16S` బదులు `CV_8U` పెడితే ఇక్కడి `cv2.Canny` ఒప్పుకోదు, సోబెల్‌ను విడిగా వాడేటప్పుడు పెడితే రుణ విలువలు సున్నా అయిపోతాయి. ముదురు నుంచి లేతకు మారే ఎడమ అంచు ఉంటుంది, లేత నుంచి ముదురుకు మారే కుడి అంచు ఉండదు. కాగితానికి రెండు పక్కలే దొరికితే అదన్నమాట.

`L2gradient` ఇవ్వకపోతే ఓపెన్‌సీవీ రెండు దిశల అంకెలను వర్గమూలం లేకుండా ఊరికే కూడుతుంది. దాంతో 45 డిగ్రీల అంచు, అదే కాంట్రాస్ట్ ఉన్న నిలువు అంచుకంటే దాదాపు 1.4 రెట్లు గట్టిగా కనిపిస్తుంది. కాగితం కాస్త తిప్పితే ఫలితం మారిపోవడం ఇందువల్లే.

గ్రేడియంట్లు కాకుండా బొమ్మనే నేరుగా `cv2.Canny`కి ఇచ్చేటప్పుడు `apertureSize`ను 3 నుంచి 5కి మారిస్తే పదునైన అంచు మీద 4h కాస్తా 48h అవుతుంది. థ్రెషోల్డ్‌లు పన్నెండు రెట్లు పెంచకపోతే తెర అంతా తెల్లగా నిండిపోతుంది. నాయిస్ తగ్గించాలంటే దీని జోలికి పోకుండా సిగ్మానే మార్చడం తేలిక.

సిగ్మా పెంచడం కూడా ఉచితం కాదు. మూలలు గుండ్రబడతాయి, వంపు అంచులు వంపు లోపలి వైపు జరుగుతాయి, దగ్గరదగ్గరగా ఉన్న రెండు అంచులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. కాగితం హద్దుకు 1.4 నుంచి 2 వరకు బాధ లేదు. రెండు మూడు పిక్సెళ్ల మందం ఉన్న అక్షరాల దగ్గర 1 దాటొద్దు.

## ఎవరికి ఏది

ఫోకస్ కొలవడం, గ్రేడియంట్ కోణాల హిస్టోగ్రామ్ కట్టడం, అంచు స్థానాన్ని పిక్సెల్ కంటే సూక్ష్మంగా లెక్కించడం లాంటి పనులకు గ్రేడియంట్ దగ్గరే ఆగండి. థ్రెషోల్డ్ వేసిన మరుక్షణం మీకు కావాల్సింది పోతుంది. మనుషులను గుర్తించడానికి దలాల్, ట్రిగ్స్ 2005లో ప్రతిపాదించిన హెచ్‌ఓజీ లక్షణాలు బ్లర్ కూడా లేకుండా కేవలం `[-1, 0, 1]`తోనే బాగా పనిచేశాయి.

వెలుతురు మీ అదుపులో ఉండి, అంచు పొడవునా కాంట్రాస్ట్ ఒకేలా ఉంటే బ్లర్, సోబెల్, సప్రెషన్, ఒక్క థ్రెషోల్డ్ చాలు. ఎఫ్‌పీజీఏ చిప్‌ల మీద రాసేవాళ్లకు ఈ మధ్య దారి మరీ నచ్చుతుంది. ఇవన్నీ కొద్ది వరుసల పిక్సెళ్లు చేతిలో ఉంటే జరిగిపోతాయి. హిస్టెరిసిస్ అలా కాదు, గొలుసు బొమ్మ ఈ చివర నుంచి ఆ చివరకు పోవచ్చు. దాన్ని ఒక్క వరుసక్రమపు పాస్‌తో సరిపెట్టేస్తే కిందికీ కుడికీ పాకే అంచులు బతుకుతాయి, పైకి పాకాల్సినవి ఒక పిక్సెల్ దగ్గరే ఆగిపోతాయి. బొమ్మను తలకిందులు చేసి నడిపితే వేరే ఫలితం వచ్చిందంటే ఆ పొరపాటు జరిగినట్టే.

కాగితం హద్దు, నాణేలు, రోడ్డు మీది లేన్ గీతలు లాంటివాటికి, ముఖ్యంగా తర్వాత హఫ్‌కో కాంటూర్లకో ఇవ్వబోతుంటే, పూర్తి క్యానీ తీసుకోండి. ఓపెన్‌సీవీలో `HOUGH_GRADIENT`తో `HoughCircles` పిలిస్తే లోపల క్యానీ నడుస్తూనే ఉంటుంది. `param1` దాని హై థ్రెషోల్డ్, లో అందులో సగం. కాబట్టి ముందు మళ్లీ మీరు క్యానీ చేసి ఇవ్వకండి, గ్రే బొమ్మనే ఇవ్వండి.

చేతిరాత గీతలే కావాలంటే మాత్రం పై దారుల్లో ఏదీ సరైనది కాదు. పెన్ను గీతకు రెండు పక్కలుంటాయి, క్యానీ నిజాయితీగా రెండు గీతలు ఇస్తుంది. అక్కడ బైనరీ చేసి, దాన్ని ఎముకగూడులా సన్నబరచడమే మేలు. చేతి నీడ హద్దును కాగితం హద్దు నుంచి వేరుచేయమన్నా క్యానీ చేయలేదు. నీడ అంచు కూడా నిజమైన అంచే, దాని తేడా 60 ఉంటే అది కూడా 90 దాటుతుంది. ఆ నిర్ణయం నాలుగు మూలలు కలిసి చతుర్భుజం అవుతున్నాయా అని చూసే తర్వాతి దశ తీసుకోవాలి.